గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్: కోర్, మెమరీ ఆఫ్‌సెట్లను మెట్టు మెట్టుగా పెంచడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రాఫిక్స్ కార్డులో లెక్కలు వేసే చిప్పును కోర్ అంటారు, మామూలు వేగానికి మనం కలిపే అదనపు మెగాహెర్ట్జ్‌లను ఆఫ్‌సెట్ అంటారు. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఒకే ఒక్క కార్డువి. విజయవాడలో నా గదిలో ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐ అది. రెండు ఫ్యాన్ల మోడల్, 8 గిగాబైట్ల జీడీడీఆర్6 మెమరీ. కార్డు వేగాలను మార్చడానికి వాడిన సాధనం ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్. పేరులో ఎంఎస్‌ఐ ఉన్నా ఇతర కంపెనీల కార్డులతోనూ పనిచేస్తుంది, ఉచితం కూడా. నా అంకెలను మీ కార్డుకు ఎక్కించకండి. ఒకే మోడల్ కార్డులు రెండు పక్కపక్కన పెట్టినా వాటి హద్దులు ఒకలా ఉండవు. హద్దును వెతికే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

## కోర్ క్లాక్‌కు +100 అని పెడితే లోపల నిజంగా ఏమి మారుతుంది?

ప్రతి కార్డులోనూ ఒక పట్టిక ఉంటుంది. ఇంత వోల్టేజీ ఇస్తే ఇంత వేగం అని అందులో రాసి ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్ తెరిచి Ctrl+F నొక్కితే ఆ పట్టికే ఎడమ నుంచి కుడికి ఎక్కే గీతగా కనిపిస్తుంది. ఆట ఎంత బరువుగా ఉంది, కార్డు ఎంత వేడెక్కింది, ఎంత కరెంటు తాగుతోంది అన్నవి చూసుకుంటూ కార్డు ఆ గీత మీద క్షణక్షణం పైకీ కిందికీ కదులుతుంది.

+100 అంటే ఆ గీత మొత్తాన్ని 100 మెగాహెర్ట్జ్ పైకి జరపడం. ఒక వోల్ట్ దగ్గర 1,905 మెగాహెర్ట్జ్ నడవాల్సిన కార్డును అదే ఒక వోల్ట్ దగ్గర 2,005 నడవమంటున్నాం. వోల్టేజీ పెరగలేదు. కూలి పెంచకుండా పని మాత్రం పెంచామన్నమాట. తయారీదారు అన్ని చిప్పులనూ, అన్ని వాతావరణాలనూ, కొన్నేళ్ల వాడకాన్నీ దృష్టిలో పెట్టుకుని కొంత జాగా వదిలి ఆ పట్టిక రాస్తాడు. మీ చిప్పుకు ఆ జాగాలో ఎంత అక్కర లేదో తేల్చుకోవడమే ఓవర్‌క్లాకింగ్.

ఇంకో చిన్న విషయం. ఈ కార్డుల్లో వేగం 15 మెగాహెర్ట్జ్ మెట్లలో మారుతుంది. అందుకే +100కూ +105కూ తేడా ఏమీ కనిపించకపోవచ్చు. నేను మొదటి నుంచీ 15 గుణిజాలే వాడతాను, లెక్క తేలిక.

## దీనివల్ల కార్డు కాలిపోదా?

వోల్టేజీ స్లైడర్‌ను ముట్టుకోకుండా ఆఫ్‌సెట్లు మాత్రమే పెంచుతున్నంత వరకు కార్డు పాడయ్యే అవకాశం చాలా తక్కువ. ఉష్ణోగ్రతకూ విద్యుత్తుకూ ఉన్న గరిష్ఠ పరిమితులను కార్డు తానే అమలు చేస్తుంది. ఆఫ్‌సెట్ వాటిని దాటించలేదు. మరీ ఎక్కువ ఆఫ్‌సెట్ పెడితే చిప్పు లెక్క తప్పుతుంది, డ్రైవర్ కూలిపోతుంది, మహా అయితే కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయాల్సి వస్తుంది.

అసలు ప్రమాదం మీ పనికి. సేవ్ చేయని ఫైలు పోవచ్చు. అంతకన్నా చెడ్డది, కార్డు కూలిపోకుండా నిశ్శబ్దంగా తప్పు లెక్క వేయడం. ఆటలో ఒక పిక్సెల్ రంగు తప్పితే ఎవరికీ నష్టం లేదు. అదే కార్డు మీద పెళ్లి వీడియో ఎగుమతి చేస్తున్నా, బ్లెండర్‌లో రెండు రోజుల రెండరింగ్ నడుపుతున్నా సంగతి వేరు. అలాంటి పని ఉన్నప్పుడు నేను ఆఫ్‌సెట్లు సున్నాకు తెచ్చేస్తాను. వారంటీ విషయానికి వస్తే, మీ కార్డు షరతుల్లో ఓవర్‌క్లాకింగ్ గురించి ఏమి రాశారో మొదలుపెట్టకముందే చదవండి.

## మొదలుపెట్టే ముందు ఏమి చేయాలి?

ఏమీ మార్చని కార్డును ముందుగా కొలవాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. తరువాత వాళ్ల దగ్గర పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అసలు మార్పులేవీ చేయకముందే ఆటలు ఆగిపోతున్న కంప్యూటర్ అయితే, ఆ జబ్బు నయమయ్యే వరకు ఓవర్‌క్లాకింగ్ జోలికి పోకండి. ప్రాసెసర్‌నో ర్యామ్‌నో కూడా పెంచి ఉంటే ఈ కొద్ది రోజులూ వాటిని మామూలు స్థితికి తెండి. లేకపోతే తప్పు ఎవరిదో తేలదు.

నేను వాడేది 3డీమార్క్‌లోని టైమ్ స్పై పరీక్ష. అందులో మొత్తం స్కోరును వదిలేసి గ్రాఫిక్స్ స్కోరు మాత్రమే చూడాలి, ఎందుకంటే మొత్తం స్కోరులో ప్రాసెసర్ వాటా కూడా కలుస్తుంది. కార్డు వేడెక్కాక మూడుసార్లు నడిపితే నాకు 11,640 నుంచి 11,700 మధ్య వచ్చింది. సగటు 11,680 అనుకుందాం. ఏమీ మార్చకుండానే అర శాతం అటూ ఇటూ ఊగుతోందన్నమాట. కాబట్టి తరువాత ఏ మార్పు వల్లనైనా 50 పాయింట్లు పెరిగితే దాన్ని లాభంగా లెక్కించను.

స్కోరుతో పాటు వేగం, ఉష్ణోగ్రత, విద్యుత్తు కూడా రాసుకోవాలి. కమాండ్ విండోలో ఇది నడిపితే సెకనుకు ఒక వరుస చొప్పున వస్తాయి:

```
nvidia-smi --query-gpu=clocks.gr,clocks.mem,temperature.gpu,power.draw --format=csv -l 1
```

జనవరి సాయంత్రం, గదిలో 26 డిగ్రీలు ఉన్నప్పుడు నా కార్డు బరువైన దృశ్యాల్లో సుమారు 1,905 మెగాహెర్ట్జ్ దగ్గర, 68 డిగ్రీల వేడితో, దాదాపు 200 వాట్లు తీసుకుంటూ నిలబడింది. ఆ 200 వాట్లే ఈ కార్డుకు ఎన్‌విడియా నిర్ణయించిన పరిమితి. ఈ సంగతి తరువాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

## కోర్, మెమరీ రెండూ ఒకేసారి పెంచకూడదా?

కూడదు. రెండూ పెంచాక ఆట కూలిపోతే ఎవరిని తగ్గించాలో మీకు తెలియదు. ముందు మెమరీని అలాగే ఉంచి కోర్ హద్దు కనుక్కోవాలి. తరువాత కోర్‌ను సున్నాకు తెచ్చి మెమరీ హద్దు కనుక్కోవాలి. చివర రెండింటినీ కలపాలి. ఎక్కువ సమయం పడుతుందని అనిపిస్తుంది కానీ, తప్పు ఎవరిదో తెలియక తిరిగే చుట్లతో పోలిస్తే ఇదే దగ్గరి దారి.

## కోర్ ఆఫ్‌సెట్‌ను ఎంతెంత మెట్లలో పెంచాలి?

మొదట 30 చొప్పున. ప్రతి మెట్టు దగ్గర టైమ్ స్పై ఒకసారి నడపాలి. పడిపోయిన చోటు నుంచి 15 చొప్పున వెనక్కి రావాలి.

నా కార్డులో +30, +60, +90, +120 ఏ ఇబ్బందీ లేకుండా దాటాయి. +150 దగ్గర రెండో దృశ్యం మధ్యలో స్క్రీన్ నల్లబడి పరీక్ష ఆగిపోయింది. +135కి దిగితే పరీక్ష పూర్తయింది. చాలామంది ఇక్కడే ఆగి, అదే తమ కార్డు హద్దని చెప్పుకుంటారు. కానీ రెండు మూడు నిమిషాల పరీక్ష దాటడం వేరు, నిలకడగా ఉండటం వేరు.

అందుకే +135తో టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ పెట్టాను. ఇది అదే దృశ్యాన్ని 20 సార్లు తిప్పుతుంది. ఉచిత వెర్షన్‌లో ఈ టెస్ట్ ఉండదు. అది లేనివారు యూనిజైన్ సూపర్‌పొజిషన్ లాంటి ఉచిత పరీక్షను అరగంట పాటు మళ్లీ మళ్లీ నడపవచ్చు. నా కార్డు 11వ చుట్టులో పడిపోయింది. +120తో 20 చుట్లూ పూర్తయ్యాయి. సంతోషించాను. మర్నాడు రాత్రి ఒక ఆట ఆడుతుండగా గంటంబావుకి డెస్క్‌టాప్ మీదికి విసిరేసింది. +105కి దిగాను. ఆ అంకెతో వారం రోజులు ఆటంకం లేదు. గ్రాఫిక్స్ స్కోరు 12,030, అంటే మూడు శాతం లాభం.

150 నుంచి 105కి రావడం ఓటమిలా కనిపిస్తుంది కానీ ఆ 45 మెగాహెర్ట్జ్ తేడా ఆటలో ఒకటి రెండు ఫ్రేములకు మించదు.

## కార్డు నిలకడ తప్పిందని ఎలా గుర్తుపట్టాలి?

కోర్ నిలకడ తప్పితే సాధారణంగా గట్టిగానే తెలుస్తుంది. ఆట ఉన్నట్టుండి మూసుకుపోతుంది, లేదా స్క్రీన్ ఒకటి రెండు సెకన్లు నల్లబడి తిరిగి వస్తుంది. విండోస్ గ్రాఫిక్స్ కార్డుకు ఒక పని అప్పగించి, మామూలుగా రెండు సెకన్లు ఎదురుచూస్తుంది. జవాబు రాకపోతే డ్రైవర్‌ను పడగొట్టి మళ్లీ లేపుతుంది. మీరు చూసే నలుపు ఆ సమయమే. Event Viewer తెరిచి Windows Logs కింద System చూస్తే Display అనే మూలం నుంచి 4101 నంబరుతో ఒక నమోదు ఉండవచ్చు, లేదా `nvlddmkm` అన్న పేరు కనిపిస్తుంది. అది ఎన్‌విడియా డ్రైవర్ ఫైలు. ఆట తన సొంత దోషంతో మూసుకుపోయిందా, కార్డు వల్లనా అన్న సందేహం ఉంటే ఈ నమోదు చాలావరకు తీరుస్తుంది.

ఆ రెండు సెకన్ల గడువును రిజిస్ట్రీలో పెంచుకోమని కొందరు సలహా ఇస్తారు. ఓవర్‌క్లాక్ పరీక్షిస్తున్నప్పుడు అది ధర్మామీటర్‌ను చల్లనీళ్లలో ముంచి జ్వరం తగ్గిందనుకోవడమే.

డ్రైవర్ ఒకసారి పడి లేచాక అలాగే పరీక్ష కొనసాగించవద్దు. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. పడి లేచిన కార్డు కొన్నిసార్లు తక్కువ వేగంలోనే ఇరుక్కుపోతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో మీరు పెట్టిన అంకె కనిపిస్తున్నా కార్డు దాన్ని పాటించకపోవచ్చు. అప్పుడు వచ్చే స్కోర్లు నమ్మదగ్గవి కావు.

మెమరీ మాత్రం ఇంత గట్టిగా చెప్పదు. దానికి వేరే జవాబు కావాలి.

## మెమరీకి +1000 పెట్టినా ఏమీ కాలేదు. నా కార్డు అదృష్టజాతకం అనుకోవచ్చా?

స్కోరు చూడకుండా అనుకోవద్దు. ఇప్పటి గ్రాఫిక్స్ మెమరీలో, కోర్‌కూ మెమరీ చిప్పులకూ మధ్య ప్రయాణించే డేటా చెడిపోయిందో లేదో తనిఖీ చేసే ఏర్పాటు ఉంటుంది. చెడిందని తేలితే ఆ ముక్కను మళ్లీ పంపుతారు. చిత్రంలో తప్పు కనిపించదు, ఆట ఆగదు. కానీ ఒకే సరుకును రెండుసార్లు మోసినందుకు సమయం పోతుంది. తేలు కుట్టిన దొంగలాగా మెమరీ బాధను బయటపెట్టదు, పని మాత్రం నెమ్మదిస్తుంది. కాబట్టి మెమరీ హద్దును కూలిపోవడంతో కాదు, స్కోరు వాలడంతో కనిపెట్టాలి.

కోర్ ఆఫ్‌సెట్‌ను సున్నాలో ఉంచి నేను నడిపినప్పుడు వచ్చినవి ఇవి:

| మెమరీ ఆఫ్‌సెట్ | గ్రాఫిక్స్ స్కోరు |
|---|---|
| 0 | 11,680 |
| +500 | 11,980 |
| +800 | 12,140 |
| +1000 | 12,230 |
| +1100 | 12,210 |
| +1200 | 12,040 |

+1200 దగ్గర కూడా స్క్రీన్ మీద ఒక్క చుక్క చెదరలేదు. కూలిపోలేదు. కానీ స్కోరు +800 కంటే కిందికి వచ్చింది. +1000, +1100 మధ్య తేడా నా కొలతలోని ఊగిసలాటలోనే ఉంది కాబట్టి ఎక్కడం +1000 దగ్గరే ఆగిపోయిందని అర్థం. శిఖరం మీదే ఇల్లు కట్టడం నాకిష్టం లేదు. +900కి దిగాను. అక్కడ 12,190 వచ్చింది, అంటే నాలుగు శాతానికి కాస్త పైన.

మెమరీకి మొదట 100 చొప్పున పెంచవచ్చు, మొదటి 500 దాకా ఇంకొంచెం పెద్ద అడుగులు వేసినా ఫరవాలేదు. ప్రతి మెట్టు దగ్గరా కనీసం రెండుసార్లు కొలవండి. స్కోరు పెరగడం ఆగిన చోట మీరూ ఆగాలి. అయినా ముందుకు వెళితే, మళ్లీ పంపినా దిద్దుకోలేనంతగా తప్పులు పెరుగుతాయి. అప్పుడు స్క్రీన్ మీద రంగు రంగుల చుక్కలు, గళ్లు, అడ్డదిడ్డంగా సాగిన త్రికోణాలు కనిపిస్తాయి. ఆపైన మొత్తం బిగుసుకుపోవడమే.

మెమరీని విడిగా రాపిడి పెట్టడానికి ఓసీసీటీ అనే ప్రోగ్రాంలో వీడియో మెమరీ పరీక్ష ఉంది. ఒక విలువను రాసి, తిరిగి చదివి, తేడా వస్తే తప్పుల సంఖ్య చూపిస్తుంది. సున్నా తప్ప ఏ అంకె వచ్చినా అది నిలకడ కాదు. ఒకటే కదా అని వదిలేయవద్దు.

## నా మెమరీ వేగం ఒక చోట 7,001, మరో చోట 1,750, పెట్టె మీద 14 అని ఉంది. ఏది నిజం?

మూడూ నిజమే. ఒక్కో సాధనం ఒక్కో చోట నిలబడి లెక్కపెడుతుంది. పెట్టె మీది 14 అంటే ప్రతి తీగ మీద సెకనుకు 14 గిగాబిట్లు. ఆఫ్టర్‌బర్నర్ అందులో సగాన్ని, అంటే సుమారు 7,000ను చూపిస్తుంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం ఎనిమిదో వంతును, అంటే 1,750ను చూపిస్తుంది. కాబట్టి ఆఫ్టర్‌బర్నర్‌లో మీరు పెట్టే +900 నిజంగా 1.8 గిగాబిట్ల పెరుగుదల. 14 కాస్తా 15.8 అవుతుంది. ఎవరైనా తన కార్డు మెమరీ +200 దగ్గరే ఆగిందని చెబితే ఏ సాధనంలో అని అడగండి.

ఈ కార్డులో తీగలు 256. వాటిని 14తో గుణించి 8తో భాగిస్తే సెకనుకు 448 గిగాబైట్లు. 15.8తో లెక్కిస్తే దాదాపు 506. రవాణా దారి దాదాపు 13 శాతం వెడల్పయింది, ఫలితం మాత్రం నాలుగు శాతమే పెరిగింది. ఎందుకంటే దారి వెడల్పయినా సరుకు తయారుచేసే కోర్ పాత వేగంతోనే ఉంది.

## విడివిడిగా నిలబడిన అంకెలు కలిపితే పడిపోతున్నాయి. ఎందుకు?

నాకూ అలాగే అయింది. +105, +900 కలిపి పెట్టిన రోజు స్ట్రెస్ టెస్ట్ ఆరో చుట్టులోనే ఆగిపోయింది.

కారణాల్లో మొదటిది, మెమరీ వేగం పెరగడంతో కోర్‌కు ఎదురుచూసే సమయం తగ్గింది. విడిగా పరీక్షించినప్పుడు మధ్యమధ్య ఊపిరి తీసుకున్న చిప్పు ఇప్పుడు ఏకబిగిన పనిచేస్తోంది. ఆ బరువు కింద దాని అసలు హద్దు బయటపడింది. రెండోది, వేడి కూడా రెండు డిగ్రీలు పెరిగింది. కోర్‌ను +90కి దించాను. 20 చుట్లూ పూర్తయ్యాయి, 12,510 వచ్చింది. మొత్తం లాభం ఏడు శాతం.

ఇక్కడ ఇంకో విచిత్రం గమనించాను. మెమరీ పెంచగానే కోర్ వేగం 15 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా తగ్గింది. ఇందాక గుర్తుంచుకోమన్న 200 వాట్ల సంగతి ఇదే. కోర్, మెమరీ ఒకే కంచంలో తింటాయి. మెమరీ ఎక్కువ తింటే కోర్‌కు తగ్గుతుంది. జీపీయూ-జెడ్‌లో PerfCap Reason అన్న వరుసలో Pwr అని కనిపిస్తే కార్డును ఆపుతున్నది ఈ విద్యుత్తు పరిమితే. అప్పుడు Power Limit స్లైడర్‌ను పైకి జరిపితే కొంత ఉపశమనం ఉంటుంది. ఎంత జరపగలరన్నది కార్డు తయారీదారు చేతిలో ఉంది. నా కార్డులో 110 దాకా వెళుతుంది. కొన్నింటిలో 100 దాటదు. మీ ఎస్‌ఎంపీఎస్ చవకది, పాతది అయితే ఆ స్లైడర్‌ను కదపవద్దు.

వోల్టేజీ స్లైడర్‌ను నేను సున్నాలోనే ఉంచుతాను. విద్యుత్తు పరిమితికే తగులుతున్న కార్డులో వోల్టేజీ పెంచితే ఒక్కో మెగాహెర్ట్జ్‌కు ఎక్కువ వాట్లు ఖర్చవుతాయి, వేగం పెరగడానికి బదులు తగ్గే సందర్భాలే ఎక్కువ.

## ఫర్‌మార్క్ గంటసేపు నడిచింది. ఇక నిలకడ అనుకోవచ్చా?

ఫర్‌మార్క్ అనే పరీక్ష చిప్పును అమానుషంగా వేడెక్కిస్తుంది. విద్యుత్తు పరిమితి వెంటనే తగిలి కార్డు తన గీత మీద చాలా కిందికి దిగిపోతుంది. నా కార్డు 1,500ల్లోకి జారింది. 1,980 దగ్గర పడిపోయే కార్డును 1,500 దగ్గర గంటసేపు నిలబెట్టి ఏమి తెలుసుకున్నట్టు? ఫ్యాన్లు బాగున్నాయో లేదో తెలుస్తుంది, అంతే. దానికి పది నిమిషాలు చాలు.

## బరువైన ఆటలన్నీ బాగున్నాయి, పాత చిన్న ఆట మాత్రం కూలిపోతోంది. ఇదేమి వింత?

పై జవాబుకు ఇది అద్దంలో ప్రతిబింబం. బరువైన ఆటలో విద్యుత్తు పరిమితి వల్ల కార్డు గీత మధ్యలో ఎక్కడో నడుస్తుంది. తేలికైన ఆటకు, లేదా ఆట మెనూకు కరెంటు అంతగా అక్కర లేదు. ఆపేవాళ్లు లేక కార్డు గీత చివరిదాకా, అత్యధిక వేగానికి ఎక్కుతుంది. మీ ఆఫ్‌సెట్ ఆ చివరి మెట్లనూ పైకి జరిపింది కదా. స్ట్రెస్ టెస్ట్ ఎప్పుడూ తాకని ఆ మెట్టు మీద చిప్పు తడబడుతుంది.

నా +120 ఆ రాత్రి కూలిపోయింది కూడా ఇలాగే. లాగ్ తీసి చూస్తే, ఒక గుహలోంచి బయటికి వస్తూ దృశ్యం మారే క్షణంలో వేగం ఒక్కసారిగా 2,055కి ఎగిరింది. స్ట్రెస్ టెస్ట్‌లో అది 2,010 దాటలేదు.

అందుకే నా పరీక్షలో మూడు రకాలు ఉంటాయి. ఒకటి, స్ట్రెస్ టెస్ట్. రెండు, ఫ్రేములకు 60 అని హద్దు పెట్టిన తేలికైన ఆట ఒక గంట. మూడు, కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే, కార్డు చల్లగా ఉండగానే ఒక టైమ్ స్పై. వేడెక్కే కొద్దీ ఈ కార్డులు 15 మెగాహెర్ట్జ్ చొప్పున కొన్ని మెట్లు దిగుతాయి. చల్లని కార్డు ఆ మెట్లు దిగకముందే పరుగు మొదలుపెడుతుంది.

## జనవరిలో కుదిరిన అంకెలు మే నెలలో ఎందుకు నిలబడవు?

కార్డు వేడి గది వేడి మీద ఆధారపడుతుంది. గదిలో 26 ఉన్నప్పుడు 68 డిగ్రీల దగ్గర ఉన్న నా కార్డు, మేలో ఏసీ లేకుండా గది 37కి చేరిన మధ్యాహ్నం 79కి వెళ్లింది. వేడెక్కిన చిప్పు అదే వేగానికి ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ కోరుతుంది, మనం ఇవ్వడం లేదు. పైగా వేడి వల్ల వృథా కరెంటు పెరిగి 200 వాట్ల పరిమితి ఇంకా ముందే తగులుతుంది. మెమరీ చిప్పుల సంగతి మరీ కష్టం. జీడీడీఆర్6 ఉన్న ఈ కార్డులో వాటి ఉష్ణోగ్రత మామూలుగా వాడే సాఫ్ట్‌వేర్‌లలో కనిపించదు. 3080, 3090 లాంటి జీడీడీఆర్6ఎక్స్ కార్డుల్లో మాత్రం హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాంలో Memory Junction అన్న పేరుతో కనిపిస్తుంది.

నేను ఆఫ్టర్‌బర్నర్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాను. మొదటిది +90, +900. రెండోది +60, +700, దానితో పాటు ఫ్యాన్ గీత కొంచెం పైకి. మార్చి దాటగానే రెండోదానికి మారతాను. మార్చే ముందు డబ్బా విప్పి దుమ్ము దులుపుతాను. ఒక ఏడాది ఆ దుమ్ము దులపడం వల్లే నాలుగు డిగ్రీలు తగ్గాయి.

## స్క్రీన్ నల్లబడి తిరిగి రావడం లేదు. ఇప్పుడేమి చేయాలి?

పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి, మళ్లీ ఆన్ చేయండి. ఆఫ్‌సెట్లు కార్డులో శాశ్వతంగా నమోదు కావు, ఆఫ్టర్‌బర్నర్ ప్రతిసారీ పెడితేనే ఉంటాయి. కాబట్టి కార్డు మామూలు వేగంతో లేస్తుంది.

ఒక్క చిక్కు ఉంది. Apply overclocking at system startup అన్న గుర్తును మీరు ముందే వెలిగించి ఉంటే, విండోస్ లేవగానే ఆ చెడ్డ అంకె మళ్లీ ఎక్కి మళ్లీ నల్లబడుతుంది. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్‌ను తొలగించాలి. ఈ తంటా అంతా ఎందుకు? కొత్త అంకెతో రెండు వారాలు గడిచే వరకు ఆ గుర్తు వెలిగించకండి.

## ఇంత కష్టపడితే ఆటలో వచ్చేది ఎంత?

ఏడు శాతం అంటే 60 ఫ్రేములు వచ్చే చోట 64. కంటికి తెలియదు. కొత్త కార్డు కొనే ఖర్చును ఇది తప్పించదు. 55 దగ్గర కొట్టుకుంటున్న ఆటను 60 హద్దుకు దగ్గర చేయడానికి మాత్రం పనికొస్తుంది. నిజం చెప్పాలంటే, నాకు ఆ లెక్కలు రాసుకున్న నోటుపుస్తకమే ఎక్కువ ఆనందం ఇచ్చింది.

శబ్దం, వేడి మీ అసలు బాధ అయితే దారి వేరు. Ctrl+F గీతలోనే తక్కువ వోల్టేజీ దగ్గర మామూలు వేగాన్ని నిలబెట్టి, ఆ పైన గీతను చదును చేయడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. నిలకడ పరీక్షలు మాత్రం ఇవే.

## ల్యాప్‌టాప్‌లో చేయవచ్చా?

చాలా ల్యాప్‌టాప్‌లలో Power Limit స్లైడర్ తాళం వేసి ఉంటుంది, ప్రాసెసర్ వేడి కూడా అదే రాగి గొట్టాల మీదుగా పోతుంది. కోర్ పెంచినా విద్యుత్తు పరిమితి దగ్గరే ఆగుతుంది. చేసి తీరాలనుకుంటే మెట్లను సగానికి తగ్గించండి.

## కొత్త డ్రైవర్ వేశాక మళ్లీ పరీక్షించాలా?

మొత్తం అక్కర లేదు. స్ట్రెస్ టెస్ట్ ఒకసారి, మీరు రోజూ ఆడే ఆట ఒక సాయంత్రం చాలు. మీరు ఎప్పుడూ ఆడని రకం కొత్త ఆట కొన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి, ముఖ్యంగా రే ట్రేసింగ్ ఉన్నది. ఆ పని చేసే భాగాలను టైమ్ స్పై కదిలించదు. నా +90ను 3డీమార్క్‌లోని పోర్ట్ రాయల్ పరీక్షతో కూడా నడిపి చూశాను, దాటింది. అదే పరీక్షలో +105 మూడో చుట్టుకే పడింది.